కొమ్మ చాటు అక్షరం

సినిమాలో పాత బజారు వీధి కనిపిస్తుంది. వెనక ఒక కొట్టు, దాని మీద బోర్డు, బోర్డుకు అడ్డంగా వేపకొమ్మ. కథ ప్రకారం అక్కడ పుస్తకాల కొట్టు ఉండాలి. ఫోటోలో ఉన్నది మాత్రం కిరాణా కొట్టు. ఇలాంటి బోర్డు మీద మాట మార్చడం పోస్టర్లు, సినిమా బ్యాక్‌గ్రౌండ్లు, ప్రకటనలు చేసేవాళ్లకు తరచూ తగిలే పని. అడ్డం లేని బోర్డయితే ఒక పూటలో అయిపోతుంది. కొమ్మో కరెంటు స్తంభమో ముందు నిలబడితే పని స్వభావమే మారిపోతుంది. అక్కడ చాలామంది చేసేది ఒకటే: కొత్త మాట టైపు చేసి, పాత మాట మీద పెట్టి, కొమ్మ దగ్గర రబ్బరుతో చెరిపేస్తారు. చూసేవాడికి ఏది తప్పో చెప్పడం రాకపోయినా ఆ బోర్డు అతికించినట్టుందని మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఈ పని చేసేవాళ్లు పాటించాల్సిన వరుస వేరు. ముందు పాత బోర్డు పూర్తిగా కనబడాలి. కొమ్మ వెనక, స్తంభం వెనక ఏముందో కట్టుకోవాలి. ఆ తర్వాతే కొత్త మాట. ఎలాగూ చెరిపేసే పాత అక్షరాలను కష్టపడి ఎందుకు కట్టాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. ఒక బోర్డును మొదటి నుంచి చివరిదాకా చేసి చూస్తే జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఉదాహరణకు ఇలాంటి ఫోటో తీసుకుందాం. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటో. అందులో బోర్డు సుమారు 1600 పిక్సెళ్లు. పసుపు నేల మీద ఎర్ర ఎనామిల్ పెయింటుతో, అక్షరాలకు కింద నల్లనీడ దిద్ది, చేత్తో రాసిన బోర్డు: "సీతారామ కిరాణా స్టోర్స్". కెమెరా కాస్త ఎడమ పక్కనుంచి చూస్తోంది కాబట్టి బోర్డు ఎడమ చివర ఎత్తుగా, కుడి చివర పొట్టిగా ఉంది. కరెంటు స్తంభం "మ" నడుమ నిలువుగా వచ్చింది. ఆ అక్షరం ఎడమ అంచు, కుడి చివర తోక కొస మాత్రమే బయట ఉన్నాయి. కుడి వైపు నుంచి వేపకొమ్మ ఒకటి "కిరాణా" మీదుగా వాలింది. దాని నీడ "స్టోర్స్" మీద పడుతోంది. కావలసింది "సీతారామ పుస్తకశాల". అంటే "సీతారామ" అలాగే ఉండాలి, మిగతాది మారాలి.

మొదటి పని చదవడం. కంప్యూటరు తెరవకముందే, కనిపించని అక్షరం ఏదో తేల్చుకోవాలి. మన లిపిలో దీనికొక ప్రత్యేకమైన చిక్కుంది. అక్షరం ఒళ్లు నడుమ ఉంటుంది. తలకట్టు, గుడి, ఏత్వం, ఓత్వం పైన ఉంటాయి. వత్తులు కింద వేలాడతాయి. అందుకని అడ్డంగా వాలిన కొమ్మ చేసే నష్టం వేరు, నిలువు స్తంభం చేసే నష్టం వేరు. కొమ్మ పైభాగాన్ని కప్పితే అది "క"నో "కి"నో "కీ"నో "కె"నో తెలియదు, గుణింతం పోతుంది. చెట్టు కింది కొమ్మలు బోర్డు అడుగున ఊగుతుంటే వత్తు పోతుంది. స్తంభం అలా కాదు, పక్క అక్షరాలను వదిలేసి ఒక్క అక్షరాన్ని నిలువునా మింగేస్తుంది. ఏది పోయిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మన బోర్డులో "సీతారా" తర్వాత స్తంభం. ఎడమ అంచున గుండ్రంగా దిగే గీత కనబడుతోంది. కుడి పక్క, కింది నుంచి పైకి లేచిన తోక కొస కనబడుతోంది. ఆ కొస మీద దీర్ఘం లేదు కాబట్టి అది "మా" కాదు, "మ". ఇక్కడ తెలివితేటలతో పనిలేదు. "సీతారా" తర్వాత ఇంకేం వస్తుంది అని ఎవరైనా అంటారు. కానీ పేర్లలో ఆ ధీమా పనికిరాదు. బోర్డులు రాసేవాళ్లు, రాయించుకునేవాళ్లు తమకు నచ్చిన వర్ణక్రమం పెట్టుకుంటారు. "వెంకటేశ్వర" రాసేవాళ్లున్నారు, "వేంకటేశ్వర" రాసేవాళ్లున్నారు. కాబట్టి ఊహను కనబడే ముక్కలతో సరిచూడాలి. కనబడే ముక్కలు ఒప్పుకోకపోతే ఊహనే వదులుకోవాలి.

మన కన్ను ఇంకో మోసం కూడా చేస్తుంది. అడ్డు వెనక ఉన్న గీతను అది అడగకుండానే కలిపేస్తుంది. ఒక పక్క లోపలికి వెళ్లిన అంచును, మరో పక్క బయటికి వచ్చిన అంచుతో ముడివేసి, మధ్యలో అంతా చూసినట్టే అనిపింపజేస్తుంది. ఇటలీ మనస్తత్వ శాస్త్రవేత్త గయెటానో కనిజ్సా ఇలా దాగిన ఆకారాలను కన్ను ఎలా పూరిస్తుందన్న దాని మీద చాలాకాలం పనిచేశారు. అంచుల వంపు ఎటు నడిపిస్తే కన్ను అటు పోతుంది. అక్కడ ఏముండాలో మనకు తెలిసినా దాన్ని లెక్కచేయకపోవచ్చు. అందుకే "నాకు కనబడుతోంది" అనుకున్న చోట ఫోటోను మూడు నాలుగు రెట్లు పెద్దది చేసి, నిజంగా రంగు ఉందో లేదో చూసుకోవాలి. ఎరుపు పిక్సెల్ ఉన్న చోటే అక్షరం ఉంది. మిగతాది మన పూరణ.

ఫోటో ఇంకా తీయలేదు, లేదా మళ్లీ అదే వీధికి వెళ్లగలం అనుకుంటే, సగం శ్రమ కాళ్లతోనే తీరిపోతుంది. బోర్డు 12 మీటర్ల దూరంలో ఉంది, స్తంభం సరిగ్గా సగం దూరంలో, 6 మీటర్ల దగ్గర ఉంది అనుకుందాం. స్తంభం మందం 15 సెంటీమీటర్లయితే, సగం దూరంలో ఉంది గనుక బోర్డు మీద దానికి రెట్టింపు, అంటే 30 సెంటీమీటర్ల పట్టీ కనబడకుండా పోతుంది. ఇప్పుడు కెమెరాను 30 సెంటీమీటర్లు, అంటే ఒక్క అడుగు, పక్కకు జరిపితే ఆ పట్టీ కూడా బోర్డు మీద 30 సెంటీమీటర్లు ఎదురు దిక్కుకు జరుగుతుంది. మొదటి ఫోటోలో దాగింది మొత్తం రెండో ఫోటోలో బయటపడుతుంది. ఫోకస్ తప్పిన స్తంభం అంచులు కొద్దిగా పరుచుకుంటాయి కాబట్టి అడుగున్నర జరిగితే నిశ్చింత. స్తంభం కెమెరాకు ఎంత దగ్గరుంటే అంత చిన్న కదలిక చాలు. కొమ్మకైతే గాలి కూడా సాయం చేస్తుంది. కెమెరాను కదపకుండా వరసగా పది ఫోటోలు తీస్తే, ఒక్కోదాంట్లో ఒక్కో సందు తెరుచుకుంటుంది. లొకేషన్‌లో ఉన్న ఫోటోగ్రాఫర్‌కు ఎవరైనా ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఎన్ని రాత్రుల పని తప్పేదో.

మన ఉదాహరణలో ఉన్నది ఒక్క ఫోటోనే అనుకుందాం. అది పాతది, ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఉన్నదానితోనే చేయాలి.

బోర్డును ముందు ఎదురుగా నిలబెట్టుకోవాలి. వాలుగా ఉన్న బోర్డు మీద అక్షరం కొలవలేం. ఎడమ పక్క "సీ" పెద్దది, కుడి పక్క "ర్స్" చిన్నది. ఒకదాన్నుంచి మరోదానికి గీత తెచ్చుకోలేం. నాలుగు మూలలు పట్టుకుని దాన్ని దీర్ఘచతురస్రంగా లాగాలి. కొమ్మ చాటున కింది కుడి మూల కనబడకపోతే, బోర్డు అడుగు అంచును, కుడి అంచును తిన్నగా పొడిగించి, రెండూ కలిసే చోట మూల పెట్టుకోవచ్చు. ఫోటోషాప్‌లో బోర్డు ముక్కను విడి లేయర్‌గా తీసి `Smart Object` చేసుకుని, అసలు నాలుగు మూలల స్థానాలను గైడ్ లైన్లతో గుర్తుపెట్టుకుంటే, చివర్లో అదే వాలుకు తిరిగి పంపడం తేలిక. ఎత్తు వెడల్పుల నిష్పత్తి ఎంతన్నది ఫోటో చెప్పదు. పూర్తిగా కనబడే గుండ్రని అక్షరం దగ్గర చూసి, "రా" అడుగు వంపు కోడిగుడ్డులా సాగకుండా సరిచేసుకోవాలి. బోర్డు కొలతలు ఎవరికైనా తెలిస్తే ఇంకా మంచిది.

తర్వాత కొమ్మను విడదీయాలి. ఇక్కడ చాలామంది ఒక్కో ఆకు చుట్టూ గీత గీస్తూ కూర్చుంటారు. వేపాకు పళ్ల అంచులతో అది తెల్లారేదాకా తేలదు. రంగుల లెక్క ఇక్కడ పనికొస్తుంది. డిజిటల్ ఫోటో ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్లు ఉంటాయి. వాటిని విడివిడిగా చూడొచ్చు. పసుపులో ఎరుపు పాలు ఎక్కువ. ఎర్ర పెయింటులోనూ ఎరుపు పాలు ఎక్కువే. కాబట్టి ఎరుపు ఛానెల్ ఒక్కదాన్నే తెరిచి చూస్తే, పసుపు నేలా ఎర్ర అక్షరాలూ రెండూ తెల్లగా కలిసిపోయి, అక్షరాలు దాదాపు మాయమవుతాయి. ఆకుల్లో ఎరుపు పాలు తక్కువ కాబట్టి కొమ్మ ఒక్కటే నల్లగా నిలబడుతుంది. ఆ నలుపు తెలుపుల బొమ్మను కాపీ చేసి, తేడా కాస్త పెంచితే కొమ్మకు మాస్క్ సగానికి పైగా సిద్ధమైనట్టే. అక్షరాల నల్లనీడ, కొమ్మ వేసిన నీడ మాత్రం అందులో మిగిలిపోతాయి. వాటిని చేత్తో తుడవాలి. నీలం నేల మీద తెల్ల అక్షరాల బోర్డయితే ఈ లెక్క వేరే ఛానెల్‌లో కుదురుతుంది. మూడూ తెరిచి చూడటానికి నిమిషం పట్టదు.

కొమ్మ అంచుల గురించి ఒక మాట. ఫోకస్ బోర్డు మీద ఉంటే ముందున్న ఆకులు కొద్దిగా చెదిరి ఉంటాయి. అలా చెదిరిన అంచు శుద్ధమైన ఆకు రంగు కాదు. అందులో సగం ఆకు, సగం వెనకున్నది. వెనక ఎర్ర అక్షరం ఉంటే ఆ అంచుకు ఎరుపు జీర అంటుకుని ఉంటుంది. మాట మార్చాక అక్కడ అక్షరం ఉండదు. కానీ ఆ ఎరుపు జీర ఆకును వదలదు. పసుపు నేల మీద ఆకు చుట్టూ ఎర్రటి సన్నని గీతలా మిగిలిపోతుంది. మార్చిన బోర్డును పట్టిచ్చే గుర్తుల్లో ఇది మొదటిది. మాస్క్ అంచును గట్టిగా కోస్తే జీర పోతుంది కానీ ఆకు కాగితం కత్తిరించినట్టవుతుంది. సరైన మార్గం వేరు. అంచును మెత్తగానే ఉంచి, కొమ్మ లేయర్‌కు మాత్రమే అంటుకునే కొత్త లేయర్ ఒకటి పైన పెట్టి, ఆకు లోపలి రంగును తీసుకుని ఎరుపు అంటిన చోట్ల సన్నగా పూయాలి.

కొమ్మ, స్తంభం రెండూ విడిగా వచ్చాక, కింద బోర్డు చిల్లులతో మిగులుతుంది. ముందు పసుపు నేల పూర్తిచేయాలి. ఎండకు పైభాగం వెలిసి ఉంటుంది, దుమ్ముకు అడుగు మురికిగా ఉంటుంది. ఖాళీని ఒకే పసుపుతో నింపితే మచ్చలా కనబడుతుంది. కనబడే నేల ముక్కల నుంచి, అదే ఎత్తులో ఉన్నవాటిని తెచ్చి నింపాలి, ఎందుకంటే మురికి పై నుంచి కిందికి మారుతుంది, పక్కలకు అంతగా మారదు. ఖాళీని దానంతటదే నింపే సాధనాన్ని నేల మీద వాడొచ్చు. అక్షరం మీద వాడితే మాత్రం చుట్టుపక్కల గీతల ముక్కలు తెచ్చి, ఏ భాషలోనూ లేని అక్షరం ఒకటి తయారుచేస్తుంది. కొమ్మ నీడను కూడా నేల నుంచి వేరు చేసి, `Multiply` పద్ధతిలో పైన ఇంకో లేయర్‌గా దిద్దుకోవాలి. కొత్త అక్షరాలు వచ్చాక ఆ నీడ వాటి మీద కూడా పడాలి గదా. ఎండలో మెరిసిపోయే కొత్త మాట, దాని చుట్టూ నీడ పడ్డ నేల, ఇది పట్టిచ్చే రెండో గుర్తు.

ఇప్పుడు అక్షరాలు. ఏవి కట్టాలి? అన్నీ కాదు. కొత్త బోర్డులో ఉండబోయేవి, కొత్త అక్షరాలకు అవయవాలు ఇవ్వబోయేవి, ఈ రెండు రకాలే కట్టాలి. "సీతారామ"లో "మ" ఉండబోయేది. "కి" పోతుంది కానీ "పుస్తకశాల"లో "క" కావాలి, బోర్డు మీద ఇంకో "క" లేదు, కాబట్టి దాని ఒళ్లు కట్టాలి. కొమ్మ చాటున ఉన్న "రా", "ణా" జోలికి పోనక్కర్లేదు. దీర్ఘం కావాలంటే "తా" దగ్గర, మొదటి "రా" దగ్గర నిండుగా కనబడుతూనే ఉంది.

కట్టేముందు కొలత. పూర్తిగా కనబడే "సీ", "తా", "రా", "స్టో" తీసుకుని అక్షరం ఒళ్లు మొదలయ్యే పై గీత, ముగిసే కింది గీత, కుంచె మందం చూసుకోవాలి. పెయింటర్ నూలుదారం కొట్టి గీసుకున్న రెండు గీతలు ఇప్పుడు కనబడవు కానీ అక్షరాలు వాటికి కట్టుబడే ఉంటాయి. ఎదురుగా నిలబెట్టిన మన బోర్డులో ఒళ్లు ఎత్తు 120 పిక్సెళ్లు, కుంచె మందం అడుగు వంపు దగ్గర 22, పక్కల్లో 16 అనుకుందాం. చేతి రాతలో ఈ తేడా చాలా ముఖ్యం. కుంచె ఎక్కడ ఒత్తుతుందో, ఎక్కడ తేలుతుందో ఆ రెండు అంకెలే చెబుతాయి. బోర్డు చివరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాలు ఇరుకయ్యాయేమో కూడా చూడాలి, చేతి రాత బోర్డుల్లో ఇది మామూలే.

"మ" నడుమ సుమారు 100 పిక్సెళ్ల పట్టీ లేదు. స్తంభం ఎడమ అంచు దగ్గర రెండు గీతలు లోపలికి వెళుతున్నాయి. ఒకటి తలకట్టు నుంచి వచ్చేది, ఇంకోటి అడుగు వంపు. కుడి అంచు దగ్గర ఒకటే గీత, పైకి లేచే తోక, బయటికి వస్తోంది. పెన్ టూల్‌తో లోపలికి వెళ్లే ప్రతి గీత చివర ఒక బిందువు పెట్టి, ఆ గీత ఏ దిక్కున పోతోందో ఆ దిక్కుకే దాని పిడిని లాగాలి. బయటికి వచ్చే చోటా అంతే. మధ్యలో వీలైనన్ని తక్కువ బిందువులు పెట్టాలి. రెండు చివరల దిక్కులూ సరిగ్గా ఉంటే వంపు చాలావరకు దానంతటదే కుదురుతుంది. ఎక్కువ బిందువులు పెట్టినచోట వంపు వణుకుతుంది. కుంచెతో ఒక్క ఊపులో రాసిన గీతకు వణుకు ఉండదు. "మ" నడుమ అడుగు వంపు రెండుసార్లు దిగి లేస్తుంది. మధ్య మెలిక స్తంభం వెనకే ఉంది. దానికి సాక్ష్యం లేదు. అందుకని అదే బోర్డు మీద ఈ చేయి రెండు వంపులు కలిపేచోట ఏం చేస్తుందో "తా" దగ్గర, "సీ" దగ్గర చూసి, అంతే గుండ్రంగా, అంతే లోతుగా తేవాలి. ఇది పునర్నిర్మాణమే గానీ కనుగొన్నది కాదు. అసలు "మ" ఇంతకన్నా కాస్త వెడల్పుగా ఉండి ఉండొచ్చు. బయట ఉన్న రెండు కొసలూ కదలకుండా ఉన్నంతవరకు ఆ తేడా కంటికి ఆనదు.

"కి" కథ వేరు. ఆకుల సందుల్లోంచి దాని ఒళ్లు ముక్కలు ముక్కలుగా కనబడుతోంది. స్తంభం వెనక ఒక పెద్ద ఖాళీ కన్నా, ఆకుల వెనక పది చిన్న ఖాళీలు నయం. ప్రతి ముక్కా గీత ఎక్కడ ఉందో, ఎంత మందమో చెబుతుంది. వాటిని కలుపుకుంటూ పోతే "క" ఒళ్లు దాదాపు సందేహం లేకుండా తేలుతుంది. గుడి ఆకుల వెనక ఉంది, మనకు అది అక్కర్లేదు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. "పుస్తకశాల"లో ప, స, క మూడింటికీ తలకట్టు కావాలి. బోర్డు మీద తలకట్టు ఎక్కడుంది? "సీ"కి గుడిదీర్ఘం, "తా", "రా"లకు దీర్ఘం, "స్టో"కు ఓత్వం. విడిగా తలకట్టున్న అక్షరం ఒక్కటే, స్తంభం చాటున ఉన్న ఆ "మ". దాని ఎడమ సగం ఫోటోలోంచి, కుడి సగం మన చేతిలోంచి వచ్చింది. "పు"కు కావలసిన కొమ్ము వంపు కూడా "మ" తోకలోనే ఉంది. ఈ ఒక్క అక్షరం నాలుగు చోట్లకు అవయవాలు ఇస్తోంది. దాన్ని పైపైన కట్టి ముందుకు పోతే, ఆ తప్పు కొత్త మాట అంతటా అచ్చుపడుతుంది. తర్వాత సరిదిద్దాలంటే అన్నిచోట్లా సరిదిద్దాలి.

అవయవం తెచ్చిపెట్టడంలోనూ మన లిపి నియమాలు ఊరుకోవు. "మ"లో తలకట్టు ఒంటిని అంటుకుని ఉంటుంది. "ప"లో, "స"లో అది తాకకుండా విడిగా నిలుస్తుంది. తాకితే "ప" కాస్తా "వ" అయి కూర్చుంటుంది. కొమ్ము కూడా అంతే. మామూలు అక్షరాలకు కొమ్ము పక్కనుంచి లేస్తుంది. "పు", "వు"లకు మాత్రం కిందినుంచి మొదలవుతుంది, లేకపోతే "వు"కూ "మ"కూ తేడా ఉండదు. కాబట్టి "మ" తోకను కోసి "ప" పక్కన అతికిస్తే చదివేవాడు తడబడతాడు. ఆ వంపునూ మందాన్నీ తీసుకుని, మొదలు మాత్రం అడుగుకు దించాలి. చిన్నప్పుడు పలక మీద దిద్దినవాళ్లకు ఇది చేతికే తెలుసు. కంప్యూటరు ముందు మాత్రం గుర్తుచేసుకోవాలి.

"శ", "ల", త వత్తు, ఈ మూడూ బోర్డు మీద ఎక్కడా లేవు. అదే వీధిలో అదే చేయి రాసిన ఇంకో బోర్డు ఉంటే అది వరం. బోర్డు అడుగు మూలలో పెయింటర్లు చిన్నగా రాసుకునే పేరు చూసి పట్టుకోవచ్చు. అది కూడా లేకపోతే దగ్గరగా ఉన్న ఫాంటును ఎముకల గూడుగా మాత్రమే వాడి, పైన 22, 16 కొలతలతో కుంచె గీత కొత్తగా గీయాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, ధూర్జటి లాంటివి పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఈ చేతికి దగ్గరో తెలుస్తుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో టైపు చేసినప్పుడు "స్త" విడిపోయి పొల్లు, త విడివిడిగా వస్తే కంగారుపడక్కర్లేదు. `Preferences`లో `Type` దగ్గర దక్షిణాసియా లిపుల పద్ధతి ఎంచుకుని, మళ్లీ తెరిస్తే వత్తు తన చోటికి వస్తుంది. ఒకే అక్షరాన్ని రెండుసార్లు వాడాల్సి వస్తే రెండోదాన్ని కొద్దిగా మార్చాలి. మనిషి చేయి ఒకే "స"ను రెండుసార్లు అచ్చు గుద్దినట్టు రాయదు. ఫ్లెక్సీ బోర్డయితే నియమం తలకిందులవుతుంది, అక్కడ తేడా ఉండటమే తప్పు.

పాత మాటలో "కి, రా, ణా, స్టో, ర్స్" అని అయిదు అక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ. కొత్తదాంట్లో "పు, స్త, క, శా, ల" అయిదే, ఖాళీ లేదు. చోటు కాస్త మిగులుతుంది. మాటను సాగదీసి నింపకూడదు, గీతల మందం సాగిపోతుంది. పెయింటరైతే ఏం చేసేవాడు? అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచి, చివర మార్జిన్ వదిలేవాడు. అలాగే చేయాలి. అక్షరాలు కుదిరాక కింద నల్లనీడ, "సీతారామ"కు ఏ పక్క ఎంత దూరం ఉందో అంతే.

ఇక తిరిగి పంపడం. బోర్డును పాత మూలల్లోకి వాలుగా కూర్చోబెట్టాక కొత్త అక్షరాల అంచులు పదునుగా, మిగతా ఫోటో మెత్తగా ఉంటాయి. మార్చని "తా" అంచు దగ్గర పెద్దది చేసి చూస్తే ఎరుపు నుంచి పసుపుకు మారడానికి మూడు నాలుగు పిక్సెళ్లు పడుతోంది. కొత్త అక్షరాల అంచును కూడా అంతే మెత్తబరచాలి. ఆ తర్వాత ఫోటోలో ఉన్న గరుకును వాటికీ పట్టించాలి. దాని పైన కొమ్మ నీడ, ఆపైన స్తంభం, కొమ్మ. కొమ్మ తిరిగి వచ్చి కొత్త "శా" తలను సగం కప్పేస్తే, కప్పనివ్వండి. మాట మొత్తం చదవడం కుదిరినంతవరకు ఆ కప్పడమే దాన్ని నిజం చేస్తుంది. కొమ్మను తప్పించుకుంటూ వంకరగా సర్దుకున్న అక్షరాలు ఏ వీధిలోనూ ఉండవు.

అయిపోయిందనుకున్నాక ఫోటోను ఎడమ కుడులు తిప్పి చూడాలి. అప్పుడు చదవలేం కాబట్టి కన్ను మాటను వదిలేసి ఆకారాలను చూస్తుంది. మందం తేడాలు, వాలు తప్పినవి ఇట్టే బయటపడతాయి. పైన `Curves` లేయర్ ఒకటి పెట్టి వెలుగునీడలను విపరీతంగా పెంచి చూస్తే, మామూలుగా కనబడని అతుకులు, గరుకు లేని నున్నటి మచ్చలు తేలతాయి. అవి సరిదిద్ది ఆ లేయర్ తీసేయాలి.

కదిలే షాట్ అయితే లెక్క పెరుగుతుంది. సెకనుకు 24 ఫ్రేములు, అయిదు సెకన్లంటే 120. బోర్డు గోడకు అతుక్కుని ఉంటుంది కాబట్టి దాని నాలుగు మూలలను ట్రాక్ చేసే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. కొమ్మ గాలికి ఊగుతుంది కాబట్టి దాని మాస్క్ మాత్రం ఫ్రేము ఫ్రేముకూ సరిచూడాలి. దానికి బదులుగా ఒక మేలు ఉంది. కెమెరా కదిలితే స్తంభం పక్కకు తొలగిపోతుంది, ఒక ఫ్రేములో దాగిన "మ" ఇంకో ఫ్రేములో నిండుగా దొరుకుతుంది. కాబట్టి ఏదైనా కట్టబోయే ముందు షాట్ మొత్తం చూడాలి.

కథకు, ప్రకటనకు, పోస్టరుకు ఈ పని తగును. వార్తా ఫోటోకు తగదు. ఫోటోలో ఉన్నదాన్ని మార్చకూడదన్నది అసోసియేటెడ్ ప్రెస్ లాంటి వార్తా సంస్థల నియమం. కోర్టుకు, స్థలం తగాదాకు సాక్ష్యంగా పోయే ఫోటోలోనైతే దాగిన అక్షరాన్ని కట్టడం కూడా తప్పే, ఎంత బాగా కట్టినా అది మన ఊహ. నిజంగా నడుస్తున్న కొట్టు బోర్డయితే యజమానిని అడగాలి.

బోర్డు అడుగు కుడి మూలలో ఆ పెయింటర్ పేరు కూడా ఉంది, కొమ్మ సందులోంచి సగం కనబడుతుంది. దాన్ని ఉంచాలా? ఆయన రాసింది "కిరాణా స్టోర్స్". "పుస్తకశాల" ఆయన రాయలేదు. నేనైతే ఆ మూలను పసుపు నేలతో కప్పేస్తాను. పని ఫైలులో మాత్రం అసలు ఫోటో లేయర్‌ను అన్నిటికీ అడుగున, తాళం వేసి, ఆ పేరుతో సహా ఉంచుతాను.